రాజీనామా లేఖ: మే 4 కాదు, మే 22

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. 2021 ఆగస్టు 16న ఈ కంపెనీలో చేరాను. మా సొంతూరు నారాయణపేట. రెండేళ్లుగా అక్కడి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. జీఎస్టీ నంబరు నా పేరు మీదే ఉంది. ఇక ఉద్యోగం మానేసి స్టోర్ చూసుకోవాలని నిర్ణయించుకున్నాను. నోటీసు 90 రోజులు, బేసిక్ 52,000. శ్రావణమాసానికి ఖాళీ అవ్వాలని 2026 మే 4న ఈ లేఖ పంపాలనుకుంటున్నాను. అమ్మకు షుగర్ ఉంది, ఆఫీసు ఇన్సూరెన్స్‌లోనే ఉంది. లేఖ సరిగ్గా ఉందో లేదో చెప్పండి.

"గౌరవనీయులైన మేనేజర్ గారికి, గత రెండేళ్లుగా ఉద్యోగంతో పాటు నేను నడుపుతున్న ఆన్‌లైన్ చీరల స్టోర్ బాగా పెరిగింది. ఇకపై పూర్తి సమయం దానికే ఇవ్వాలనుకుంటున్నాను. ఈసారి అప్రైజల్‌లో నా పనికి గుర్తింపు రాకపోవడం కూడా ఒక కారణం. వీలైనంత త్వరగా నన్ను రిలీవ్ చేయగలరు. ఆ తర్వాత కూడా ప్రాజెక్టుకు ఎప్పుడు అవసరమైనా అందుబాటులో ఉంటాను."

ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు:

నమస్తే అండి. లేఖ మర్యాదగా ఉంది, మనసులో ఉన్నది ఉన్నట్టు రాశారు. కానీ దీన్ని ఇలాగే పంపవద్దు. మే 4న అసలే పంపవద్దు. తేదీలో ఒక చిక్కు ఉంది, మొదటి వాక్యంలో ఇంకో చిక్కు ఉంది. రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. నేను చాలా ఏళ్లు ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో పనిచేశాను. రాజీనామా మెయిల్ వచ్చిన రోజు నుంచి చివరి సెటిల్‌మెంట్ దాకా నడిచే పనంతా దగ్గరుండి చూశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు తేదీ. మే 4న మెయిల్ పెడితే, మర్నాటి నుంచి లెక్కపెట్టినా 90వ రోజు ఆగస్టు 2 అవుతుంది. మీకు ఐదేళ్ల సర్వీసు నిండేది ఆగస్టు 15తో. పదమూడు రోజులు తక్కువ పడుతున్నాయి. ఆ పదమూడు రోజులే మీ గ్రాట్యుటీ.

రాజీనామా చేసిన శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్లు విరామం లేని సర్వీసు ఉండాలి. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం అదే చెప్పింది, కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ శాశ్వత ఉద్యోగులకు ఆ నిబంధన అలాగే ఉంది. లెక్క తేలికే. చివరి నెల బేసిక్‌ను, డీఏ ఉంటే అదీ కలిపి, 26తో భాగించి 15తో హెచ్చించాలి. దాన్ని పనిచేసిన ఏళ్లతో హెచ్చించాలి. మీ 52,000ని 26తో భాగిస్తే 2,000. పదిహేను రోజులకు 30,000. ఐదేళ్లకు లక్షా యాభై వేలు. మీ మొత్తం జీతంలో బేసిక్ సగం కంటే తక్కువైతే, కొత్త కోడ్‌లలో వేతనానికి ఇచ్చిన నిర్వచనం వల్ల ఈ మొత్తం కొంత పెరిగే వీలుంది. ఎంత పెరుగుతుందన్నది మీ పే స్లిప్ చూస్తేగానీ చెప్పలేం కాబట్టి లక్షన్నర దగ్గరే ఆగుదాం.

ఇక్కడ మీ స్నేహితులెవరైనా "నాలుగేళ్ల 240 రోజులు చాలు" అని చెప్పవచ్చు. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. మద్రాస్ హైకోర్టు 1996లో అలాంటి తీర్పు ఇచ్చింది, దాన్ని పాటించే కంపెనీలు కొన్ని ఉన్నాయి. కానీ మీ కంపెనీ పాటించకపోతే మీరు గ్రాట్యుటీ తగాదాలు తేల్చే కంట్రోలింగ్ అథారిటీ దగ్గర దరఖాస్తు పెట్టుకుని, వాయిదాలకు తిరిగి సాధించుకోవాలి. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన మనిషికి అంత తీరిక ఎక్కడిది? పద్దెనిమిది రోజులు ఆగితే ఏ వాదనా అక్కర్లేకుండా వచ్చే డబ్బు ఇది.

అందుకే మే 22, శుక్రవారం పంపండి. అప్పుడు 90వ రోజు ఆగస్టు 20, గురువారం అవుతుంది. కంపెనీ మెయిల్ పెట్టిన రోజును కూడా లెక్కలో కలిపితే ఆగస్టు 19. ఎలా చూసినా ఆగస్టు 15 దాటి నాలుగైదు రోజుల ఎడం ఉంటుంది. ఆ ఎడం అవసరం. సరిగ్గా ఐదేళ్ల రోజుకు సరిపెట్టుకుని, తీరా సిస్టమ్‌లో ఒక రోజు తేడా రావడంతో ఇబ్బంది పడినవాళ్లను చూశాను.

శ్రావణం సంగతి మర్చిపోలేదు. ఈ ఏడు అధిక జ్యేష్ఠం రావడంతో శ్రావణమాసం ఆలస్యంగా, ఆగస్టు 13న మొదలవుతుంది. సెప్టెంబరు రెండో వారం దాకా ఉంటుంది. అంటే ఉద్యోగం, శ్రావణం కలిసి వచ్చేది మొదటి వారం మాత్రమే. నారాయణపేటలో ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు నేస్తారని మీకు నేను చెప్పక్కర్లేదు. శ్రావణానికి కావలసిన సరుకు ఆషాఢంలోనే మగ్గాల మీద ఉండాలి. ఆ ఆర్డర్లు మీరు ఎలాగూ శని, ఆదివారాల్లో ఊరు వెళ్లి ఇచ్చేవే. ఫోటోలు, వివరాలు కూడా జూలైలోనే అయిపోవాలి. ఆగస్టు మొదటి మూడు వారాల్లో మీ చేతులు నిజంగా కావలసింది ప్యాకింగ్‌కి, కొరియర్‌కి ఇవ్వడానికి, వాట్సాప్‌లో అడిగేవాళ్లకు జవాబు చెప్పడానికి. ఆ మూడు వారాలకు ఒక మనిషిని పెట్టుకోండి. జీతం ఉదారంగా ఇచ్చినా పదిహేను, ఇరవై వేలు దాటదు. దానికి బదులుగా మిగిలేది లక్షన్నర, దానికి తోడు ఆ పద్దెనిమిది రోజుల జీతం. స్టోర్ మీద మీకున్న శ్రద్ధ తెలుస్తోంది. ఆ డబ్బు రేపు దసరా సరుకుకి అడ్వాన్సుగా పనికొస్తుంది.

ఇక మొదటి వాక్యం. "గత రెండేళ్లుగా ఉద్యోగంతో పాటు నేను నడుపుతున్న ఆన్‌లైన్ చీరల స్టోర్." మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. దాదాపు ప్రతి ఐటీ కంపెనీ లెటర్‌లోనూ ఒక షరతు ఉంటుంది: ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు, రాతపూర్వక అనుమతి లేకుండా వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయకూడదు. పోటీ కంపెనీకి పనిచేయడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. షరతు మళ్లీ చదివితే "ఏ వ్యాపారమైనా" అనే ఉంటుంది. చీరలమ్మడం కూడా అందులోకి వస్తుంది. 2022లో మూన్‌లైటింగ్ గురించి పెద్ద చర్చ జరిగినప్పటి నుంచి హెచ్‌ఆర్ వాళ్లు ఈ షరతును అంతకు ముందుకంటే గట్టిగా పట్టుకుంటున్నారు.

మీరు రెండేళ్ల క్రితమే అనుమతి అడగాల్సింది. అది మీ వైపు పొరపాటు, దాన్ని తేలిక చేసి చెప్పను. అడిగి ఉంటే చాలా కంపెనీలు, ఖాతాదారులతో సంబంధం లేని చిన్న వ్యాపారమైతే, ఇచ్చేవే. ఇప్పుడు ఈ లేఖ ఆ పొరపాటును మీ సంతకంతో, తేదీతో, రెండేళ్ల వ్యవధితో సహా కంపెనీ ఫైల్లో పెడుతుంది. మీ మేనేజర్ మంచివారే కావచ్చు, మీకు శుభాకాంక్షలు కూడా చెప్పవచ్చు. కానీ లేఖ ఆయన దగ్గర ఆగదు. అక్కడి నుంచి హెచ్‌ఆర్‌కి వెళ్తుంది. ఆ వాక్యం చదివాక దాన్ని పట్టించుకోకుండా వదిలేసే అధికారం హెచ్‌ఆర్‌లో ఉన్న చిన్న ఉద్యోగికి ఉండదు. పైకి పంపి తీరాలి.

నేను పనిచేసిన ఒక చోట ఇలాగే జరిగింది. పెళ్లి ఫోటోలు తీసే వ్యాపారం పెట్టుకుని మానేస్తున్న ఒక అబ్బాయి, మూడేళ్లుగా శని, ఆదివారాలు అదే చేస్తున్నానని, తన టీం ఎంతో ప్రోత్సహించిందని సంతోషంగా రాశాడు. కృతజ్ఞత చెప్పుకోవాలన్నదే అతని ఉద్దేశం. రెండో రోజు లేఖ లీగల్‌కి వెళ్లింది. నాలుగో రోజు వివరణ అడిగారు. తొమ్మిదో రోజు రాజీనామాను పక్కనపెట్టి, షరతు ఉల్లంఘన కింద ఉద్యోగం నుంచి తీసేశారు. అతనికి ఐదేళ్లు నిండడానికి రెండు నెలలు కూడా లేవు. ఆ కాగితాలు సిద్ధం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది.

మీ విషయంలోనూ ప్రమాదం సరిగ్గా ఇదే. వేరే వ్యాపారం చేశారన్న కారణం ఒక్కటే చూపి, సంపాదించుకున్న గ్రాట్యుటీని కంపెనీ ఆపేయలేదు. చట్టం ఆ అధికారాన్ని కొన్ని సందర్భాలకే ఇచ్చింది: కంపెనీ ఆస్తికి నష్టం కలిగించడం, హింసాత్మకంగా ప్రవర్తించడం, పనిలో ఉండగా నైతికంగా హీనమైన నేరం చేయడం వంటివి. కానీ ఐదేళ్లు నిండకముందే తీసేస్తే ఆపాల్సిన గ్రాట్యుటీ అసలు ఉండదు. అందుకే తేదీ, వాక్యం రెండూ ఒకే ముడి అన్నాను. మే 22న పంపినా ఆ వాక్యం ఉంటే మీరు ఆగస్టు దాకా ఉంటారన్న నమ్మకం లేదు.

అలాగని అబద్ధం రాయమనడం లేదు. "ఆరోగ్య కారణాలు" అనో, "పై చదువులు" అనో రాయవద్దు. మొదటిది అది నిజం కాదు. రెండోది, నిలవదు కూడా. మీ పాన్ నంబరు కంపెనీ దగ్గర ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో వెతికితే దాని మీద ఉన్న రిజిస్ట్రేషన్లు ఎవరికైనా కనిపిస్తాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. ఏ తేదీన తీసుకున్నారో కూడా అందులోనే ఉంటుంది. మీరు రాయాల్సింది ఇంతే: సొంతంగా వ్యాపారం చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. అది పూర్తిగా నిజం. "పూర్తి సమయం ఇవ్వాలనుకుంటున్నాను" అని మాత్రం వద్దు. ఆ మాట వినగానే, మరి ఇన్నాళ్లూ పార్ట్ టైమ్ చేశారా అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది.

ఎగ్జిట్ ఇంటర్వ్యూలో గానీ, మేనేజర్‌తో గానీ సూటిగా "ఎప్పటి నుంచి చేస్తున్నారు?" అని అడిగితే నిజమే చెప్పండి. సొంతూరి చేనేత చీరలని, ఆఫీసు సమయంలో చేయలేదని, ఆఫీసు లాప్‌టాప్ వాడలేదని, మన ఖాతాదారులతో ఏ సంబంధం లేదని చెప్పండి. అయితే ఆ నాలుగూ నిజంగా నిజమై ఉండాలి. లాప్‌టాప్ సంగతికి కింద మళ్లీ వస్తాను. ముఖాముఖి అడిగిన ప్రశ్నకు నిజాయితీగా చెప్పిన జవాబును అర్థం చేసుకునేవాళ్లు ఎక్కువమందే ఉంటారు. ఎవరూ అడగకుండా ఫైల్లో పెట్టిన ఒప్పుకోలుకి ఆ వెసులుబాటు ఉండదు.

"వీలైనంత త్వరగా నన్ను రిలీవ్ చేయగలరు" అన్న వాక్యం కూడా తీసేయండి. మీ ప్రాజెక్టులో బిల్లింగ్ తగ్గిందనుకోండి, ఆ వాక్యం కంపెనీకి వరం. నెలలోనే పంపించేస్తారు, మీరే అడిగారు కాబట్టి మిగతా నోటీసుకు జీతం కూడా ఇవ్వరు. జూన్‌లో బయటకు వస్తే ఆగస్టు 15 ఎలా వస్తుంది? దానికి బదులు నోటీసు మొత్తం పనిచేస్తానని, చివరి పనిదినం ఫలానా తేదీ అని స్పష్టంగా రాయండి. లేఖలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. ఆ తర్వాత మేనేజర్ ఫోన్ చేసి "జూలై ఆఖరుకి వదిలేస్తాం, మీకూ మంచిదేగా" అంటే, అక్కడికక్కడే సరే అనకండి. ఆఫీసు చాట్‌లో బొటనవేలు గుర్తు పెట్టడం కూడా ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. "నా చివరి పనిదినం ఆగస్టు 20గానే ఉంచండి, హ్యాండోవర్ పూర్తిచేసి వెళ్తాను" అని మెయిల్‌లో జవాబివ్వండి.

అప్రైజల్ గురించిన వాక్యం తీసేయండి. బాధ నిజమైనదే, కానీ ఈ లేఖతో అది తీరదు. చెప్పాలనుంటే మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు చెప్పండి. "ఎప్పుడు అవసరమైనా అందుబాటులో ఉంటాను" అన్నదీ వద్దు. వరలక్ష్మీ వ్రతం ముందురోజు సాయంత్రం ప్రొడక్షన్‌లో ఏదో ఆగిపోయిందని పాత టీం నుంచి ఫోన్ వస్తే, మాట ఇచ్చారు కాబట్టి మీరు కాదనలేరు. స్టోర్ పేరు, లింకు కూడా లేఖలో పెట్టవద్దు. తోటివాళ్లకు చెప్పాలనుకుంటే రిలీవ్ అయ్యాక మీ సొంత నంబరు నుంచి చెప్పండి.

ఇవన్నీ తీసేశాక లేఖ ఇలా ఉంటుంది. దీన్నే మీ ఆఫీసు అలవాటు ప్రకారం ఇంగ్లీషులో రాసుకోండి.

"తేదీ: 2026 మే 22. గౌరవనీయులైన మేనేజర్ గారికి, సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ (మీ హోదా ఏదైతే అది) ఉద్యోగానికి నేను రాజీనామా చేస్తున్నాను. సొంతంగా వ్యాపారం చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. నా నియామక పత్రం ప్రకారం 90 రోజుల నోటీసు పూర్తిగా పనిచేస్తాను. నా చివరి పనిదినం 2026 ఆగస్టు 20. ఈలోగా నా పనులను మీరు సూచించినవారికి అప్పగిస్తాను. ఈ రాజీనామాను, చివరి పనిదినాన్ని నిర్ధారిస్తూ జవాబు ఇవ్వగలరు. ఇక్కడ నేర్చుకున్న పనికి, తోడు నిలిచిన టీంకి కృతజ్ఞతలు."

ఇంతే. పొడిగా ఉందనిపించవచ్చు. మీ కథ చెప్పుకోవడానికి వేరే చోట్లు ఉన్నాయి. రాజీనామా లేఖ రేపు సెటిల్‌మెంట్ లెక్క వేసే మనిషి చదివే కాగితం. ఆ మనిషికి కావలసినవి హోదా, ఇచ్చిన తేదీ, వెళ్లే తేదీ.

పంపే పద్ధతి గురించి ఒక మాట. ఆ శుక్రవారం ఉదయం ముందు మేనేజర్‌కి నోటితో చెప్పండి, మధ్యాహ్నానికల్లా మెయిల్ పెట్టండి. హెచ్‌ఆర్‌కి కాపీ ఇవ్వండి, మీ సొంత మెయిల్‌ని కూడా దాచకుండా కాపీలో పెట్టండి. చాలా కంపెనీల్లో మెయిల్‌తో పాటు పోర్టల్‌లోనూ రాజీనామా నమోదు చేయాలి. నోటీసు లెక్క మొదలయ్యేది చాలాసార్లు పోర్టల్‌లో నమోదైన తేదీ నుంచే. కాబట్టి "ఎలా ఉంటుందో చూద్దాం" అని ముందే ఆ పేజీ తెరిచి నొక్కవద్దు. చివరి పనిదినాన్ని పోర్టల్ దానంతట అదే చూపిస్తుంది. అది ఆగస్టు 19 లేదా 20 కాకుండా వేరేగా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి అదే రోజు హెచ్‌ఆర్‌కి రాయండి. నోటీసులో సెలవులు కూడా పెట్టుకోకండి. కొన్ని కంపెనీలు తీసుకున్న సెలవుల మేరకు నోటీసు పొడిగిస్తాయి. మిగిలిన సెలవులకు డబ్బు ఇచ్చే పద్ధతి మీ దగ్గర ఉందేమో మాత్రం కనుక్కోండి.

ఇప్పుడు లాప్‌టాప్. మీరు ఇంజినీర్ కాబట్టి స్టోర్ కోసం ఏదో ఒకటి రాసుకునే ఉంటారు. ఆర్డర్లను షీట్‌లోకి లాగే స్క్రిప్టో, స్టాకు తగ్గితే మెసేజ్ పంపే చిన్న ప్రోగ్రామో. దాన్ని ఆఫీసు లాప్‌టాప్‌లో రాసి ఉంటే జాగ్రత్త. మీ నియామక పత్రంలో మేధో సంపత్తి షరతు ఉంటుంది. కంపెనీ పరికరాలతో తయారుచేసినది కంపెనీదే అని దాని సారాంశం. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకో, సొంత మెయిల్‌కో పంపుకోకండి. రాజీనామాకు ముందూ వెనకా బయటకు వెళ్లే ఫైళ్లను భద్రతా బృందం ప్రత్యేకంగా చూస్తుంది. నాలుగు వందల వరసల స్క్రిప్టు కోసం డేటా చౌర్యం విచారణ మీదికి తెచ్చుకోవద్దు. ఇంట్లో మీ సొంత కంప్యూటర్‌లో, ఆఫీసు కోడ్ ఏదీ చూడకుండా మళ్లీ రాసుకోండి. రెండు ఆదివారాల పని.

దానికంటే ఎక్కువమంది మర్చిపోయేది లాగిన్‌ల సంగతి. స్టోర్ ప్లాట్‌ఫామ్, పేమెంట్ గేట్‌వే, కొరియర్ ఖాతా, డొమైన్ పేరు, జీఎస్టీ పోర్టల్ వీటిలో దేనికైనా ఆఫీసు మెయిల్ గానీ, ఆఫీసు సిమ్ గానీ, ఆఫీసు ఫోన్‌లో ఓటీపీ యాప్ గానీ ఇచ్చి ఉంటే మే 22కి ముందే మార్చండి. కొన్ని చోట్ల రాజీనామా మెయిల్ వెళ్లిన రోజే యాక్సెస్ తగ్గించేస్తారు. అప్పుడు ఓటీపీ రాక, స్టోర్‌కు వచ్చిన డబ్బు గేట్‌వేలో ఇరుక్కుని, దాన్ని బయటకు తీయడానికి గుర్తింపు కాగితాలన్నీ మళ్లీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

చివరిగా అమ్మగారి ఇన్సూరెన్స్. ఇది లేఖలో ఉండే విషయం కాదు, కానీ మీరు రాసినదంతా చదివితే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. ఆఫీసు గ్రూప్ పాలసీ సాధారణంగా మీ చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత కొత్త పాలసీ కొంటే, ముందునుంచి ఉన్న షుగర్‌కి సంబంధించిన ఖర్చులు ఇవ్వకుండా మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు. దానికి బదులు, గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారడానికి బీమా నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. అలా మారితే గ్రూప్‌లో గడిచిన ఏళ్లు, అప్పటిదాకా ఉన్న కవర్ మొత్తం మేరకు వెయిటింగ్‌లో కలుస్తాయి. అమ్మగారు మీరు చేరినప్పటి నుంచి పాలసీలో ఉంటే ఐదేళ్లు గడిచినట్టే, మూడేళ్ల వెయిటింగ్ ఎప్పుడో తీరిపోయింది. ప్రీమియం ఎంత, ఇంకేం షరతులు అన్నది ఆమె ఆరోగ్యం చూసి బీమా కంపెనీ నిర్ణయిస్తుంది. గ్రూప్ ప్రీమియంతో పోలిస్తే బాగా ఎక్కువే ఉంటుంది, దాన్ని స్టోర్ నెలవారీ ఖర్చుల లెక్కలో ఇప్పుడే వేసుకోండి.

ఇది కంపెనీ తనంతట తాను చేసిపెట్టదు. మీరే అడగాలి, అదీ కవర్ నడుస్తుండగానే అడగాలి. రాజీనామా ఆమోదిస్తూ జవాబు రాగానే హెచ్‌ఆర్ దగ్గర బీమా చూసేవారి మెయిల్ తీసుకోండి. పాలసీ నంబరు, అమ్మగారి పేరుతో ఉన్న ఈ-కార్డు, ఆమె ఏ తేదీ నుంచి కవర్‌లో ఉన్నారో చూపే కాగితం అడిగి దగ్గర పెట్టుకోండి. జూలై మొదటి వారంలో దరఖాస్తు పెడితే వైద్య పరీక్షలు అడిగినా ఆగస్టు 20లోపు పూర్తిచేసుకునే సమయం ఉంటుంది. జూలై ఆఖరుకి కూడా కాదంటే, వేరే కంపెనీలో కొత్త పాలసీ తీసుకోవడానికి అప్పటికింకా మూడు వారాలు మిగులుతాయి.